టోపీ కూడా కావాలా?

నేనూ మా పెద్ద తోటికోడలూ ఒకే ఇంట్లో పిల్లల గౌన్లు కుట్టి ఆన్‌లైన్‌లో అమ్ముతాం, ఎవరి దుకాణం వాళ్లది. ఆమెకు ప్రతి ఆర్డరులో గౌనుతోపాటు ఇంకోటి కూడా అమ్ముడుపోతుంటే నాకు కడుపు మండేది. నా దాంట్లో డబ్బు కట్టబోయేవాళ్లకి సాక్సులు కావాలా, దుప్పటి కావాలా, బొమ్మ కావాలా అంటూ ఆరు ప్రశ్నలు అడ్డొచ్చేవి. సగంమంది విసిగి కొనకుండానే పోయేవారు.

ఆమె కిటుకేమిటో చూద్దామని దొంగపేరుతో ఆమె దుకాణంలోనే గౌను ఎంచుకున్నాను. చివర్లో ఒక్కటే ప్రశ్న: "ఇదే గుడ్డతో టోపీ కూడా కావాలా?" అక్కర్లేకపోతే పట్టించుకోకుండా సాగిపోవచ్చు. నా పాప బోడితల గుర్తొచ్చి, వెంటనే టిక్కు పెట్టి డబ్బు కట్టేశాను.

సాయంత్రం తోటికోడలు పొట్లం తెచ్చి నా ఒళ్లో పడేసింది. "పేరు మార్చి అడ్రసు మనింటిదే ఇచ్చావేంటే, పిచ్చిమొహమా! పాపకి టోపీ పెట్టి చూడు."

అచ్చంగా సరిపోయింది. కుళ్లుకుంటూనే నా దుకాణంలో సాక్సుల ప్రశ్న ఒక్కటే ఉంచి, మిగతావన్నీ తీసేశాను.