సీలకి చుట్టిన దారం

అమ్మ పోయాక నాకు మిగిలింది రెండే. ఒకటి మా అక్క, రెండోది అమ్మ దిద్దులు. ఆ రెండూ ఒక్క పూటలో చేజారిపోతాయని, దానికంతటికీ మూలం నా చెవి దురద అవుతుందని ఎవరైనా ముందే చెప్పుంటే, "పోవోయ్, నీకేమైనా పిచ్చా" అని పంపించేసేదాన్ని.

మా అక్కా నేనూ కలిసి ఆడవాళ్ల జుట్టు కత్తిరించే షాపు నడుపుతాం. రెండు కుర్చీలు, రెండు అద్దాలు, మూలన తల కడిగే బేసిన్. కత్తిరింపు అక్కది, రంగు నాది. నాకు నోరు ఎక్కువ, అక్కకి ఓపిక ఎక్కువ. వచ్చినవాళ్లు నా మాటలకి నవ్వి, అక్క చేతికి తల అప్పగించేవాళ్లు. అలా బాగానే సాగింది.

అమ్మ దిద్దులంటే పెద్ద గొప్పవేం కావు. ఒక్కో ఎర్రరాయి, చుట్టూ బంగారం. ఎడమదాని సీల మరలు అరిగిపోయి ఎప్పుడూ జారేది. అమ్మ ఆ సీలకి తన జాకెట్ అంచులోంచి పీకిన ఎర్రదారం రెండు చుట్లు చుట్టి బిగించింది. పోయేముందు వాటిని తన చెవులనుంచి తీసి నా అరచేతిలో పెట్టింది. అక్క మంచం అవతలి పక్క నిలబడి చూసింది. అప్పుడు నాకేమీ అనిపించలేదు, అదీ నా తెలివి.

ఒక రోజు అక్కే అంది, "ఏంటే చిన్నీ, ఆ దిద్దులు అలా కళ తప్పిపోయాయి? రోజూ రంగులూ స్ప్రేలూ పడుతుంటే మరి! ఇలా ఇవ్వు, పాలిష్ పెట్టించుకొస్తా." ఇచ్చాను. అక్క కాదూ! తిరిగొచ్చినప్పుడు తళతళ మెరిసిపోతున్నాయి. ఎడమ సీల కూడా చక్కగా బిగుసుకుంది. కానీ దారం లేదు.

"కంసాలి సీల బాగు చేశాడే. మాసిపోయిందని దారం పారేశాట్ట," అంది అక్క.

బేసిన్ దగ్గరికెళ్లి కొళాయి విప్పి ఏడ్చాను. అక్క వెనకాలే వచ్చి వీపు నిమిరింది. "పిచ్చిదానా, దారంలో ఏముందే? అమ్మ నీ మనసులో లేదూ?" అంది. నిజమే కదా అనుకుని ముక్కు చీదుకుని పనిలో పడ్డాను.

కొన్నాళ్లు ఏం లేదు. తర్వాత చెవి తమ్మెల్లో మెల్లగా దురద మొదలైంది. ముందు చీమ పాకినట్టుండేది. తర్వాత, అబ్బబ్బ, ఏం చెప్పను! గోకితే ఎంత హాయో, ఆపితే అంతకి రెట్టింపు దురద. తమ్మెలు ఎర్రబడి వాచాయి. చిన్న చిన్న పొక్కులు లేచి రసి కారేది, ఆరి పక్కు కట్టేది. ఆ పక్కుని నేను ఊరుకుంటానా? గిల్లేదాన్ని. కింద మళ్లీ పచ్చిపుండు.

"గోకకే," అనేది అక్క, తలెత్తకుండా కత్తెర ఆడిస్తూనే. రోజూ అనేది. "గాలి పొడిగా ఉంది, చర్మం ఎండిపోయింది, అంతే," అనేది ఒక రోజు. "ఆ రంగులే పడట్లేదేమో, కొన్నాళ్లు మానెయ్," అనేది ఇంకో రోజు. రంగు మానేస్తే షాపులో నేను చేసేదేముంది, ఈగలు తోలుకోవడమా? అప్పటికే రంగు కోసం కూర్చున్న ఒకావిడ అద్దంలో నా చెవులు చూసి, "నీకే ఇలా ఉంటే నా తలకేం పట్టిస్తావమ్మా," అని లేచి వెళ్లిపోయింది.

తమ్మెల దురద చెవి లోపలికి కూడా పాకినట్టనిపించింది. జడపిన్ను పెట్టి తిప్పడం మొదలుపెట్టాను. గులిమి వస్తే అదేదో పాపం కడుక్కున్నట్టు సంబరం. అక్క గోరువెచ్చని నూనె తెచ్చి, నా తల తన ఒళ్లో పెట్టుకుని, బొట్టు బొట్టుగా చెవిలో పోసేది. "కదలకే, లోపలికి దిగాలి," అనేది. ఆ ఒళ్లో పడుకుని నేను ఎంత సుఖంగా కళ్లు మూసుకున్నానో! అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

చివరికి ఎడమ చెవి మూసుకుపోయినట్టయింది. లోపల చెమ్మ, ఒకటే దురద. చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అక్క వద్దంది. "తగ్గిపోతుందిలే, డాక్టర్లు లేనిపోనివి చెబుతారు," అంది. ఆ మాట నాకు అప్పుడు ప్రేమలాగే వినపడింది.

డాక్టరమ్మ చెవిలోకి దీపం గొట్టం పెట్టి చూసి నాలుక చప్పరించింది. "లోపలేం పెట్టి కెలికావు?"

"జడపిన్ను."

"ఇంకా?"

"నూనె."

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావమ్మా. నీ విషయంలో ఆ గోరే గొడ్డలి," అంది. నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. చెవిలో గులిమి మురికి కాదట, చర్మానికి కాపలాట. దాన్ని పిన్నుతో గీకేస్తే లోపల ఎండిపోయి ఇంకా దురద. ఆ గీతల మీద నూనె పోస్తే చెమ్మ ఆరక ఫంగస్ చేరింది. నల్ల చుక్కలు కనబడుతున్నాయంది. పక్క గదిలో చెవి డాక్టరు చేత శుభ్రం చేయించుకుని చుక్కలమందు వేసుకోవాలి, నీళ్లు పోనివ్వకూడదు, నూనె మాట ఎత్తకూడదు.

"అది లోపలి సంగతి. బయటిది వేరు," అంటూ తమ్మె పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఎలర్జీ ఎగ్జిమా. నువ్వు గోకినకొద్దీ చర్మం చిరుగుతుంది, చిరిగినకొద్దీ పడని వస్తువు ఇంకా లోపలికి దిగుతుంది, ఇంకా దురద పెడుతుంది. మళ్లీ గోకుతావు. దీనికి అంతుండదు."

"తల రంగు వల్లే కదండీ?"

"రంగైతే నుదుటి అంచున, కనురెప్పల మీద, నీ చేతుల మీద కూడా రావాలి. నీకు సరిగ్గా దిద్దు తగిలిన చోటే ఉంది. చిన్నప్పుడు గిల్టు నగలు పడేవా?"

పడేవి కావు. ఒకసారి రోల్డ్‌గోల్డ్ లోలాకులు పెట్టుకుంటే చెవులు బూరెల్లా వాచాయి. రాత్రంతా తడిగుడ్డ పెట్టింది అక్కే. "కానీ ఇవి బంగారమండీ! మా అమ్మవి. ఇన్నేళ్లూ ఏమీ కాలేదు," అన్నాను కాస్త రోషంగా.

డాక్టరమ్మ వాదించలేదు. దిద్దు తీయించి, దూదిపుల్లకి ఏదో మందు చుక్క వేసి, సీల మీద కాసేపు రుద్ది నాకు చూపించింది. తెల్లటి దూది గులాబీరంగు తిరిగింది.

"నికెల్ ఉంది. పైన పూత ఉన్నన్నాళ్లూ ఊరుకుంది. అరిగాక చెమటకి బయటికొస్తోంది. పాత నగల్లో అతుకులోనో సీలలోనో కల్తీ ఉండొచ్చులే," అంది నన్ను ఓదారుస్తున్నట్టు. నేను వినట్లేదు. బిగుసుకుపోయిన ఆ ఎడమ సీలనే చూస్తున్నాను. దాని మరలు కొత్తగా, పదునుగా ఉన్నాయి. అరిగిపోయిన సీలని బాగు చేస్తే ఇలా అవుతుందా? ఇది అమ్మ వేళ్లు ఎప్పుడూ తిప్పని సీల. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా చెవి పట్టుకుంది.

గులాబీ దూదిని కాగితంలో చుట్టుకుని నేరుగా షాపుకెళ్లాను. అక్క ఒక్కతే ఉంది, దువ్వెనలు కడుగుతోంది. అద్దం ముందు బల్ల మీద దూదీ దిద్దులూ పెట్టాను.

"ఇవి అమ్మవి కావు."

అక్క తేలు కుట్టిన దొంగలా దువ్వెన పక్కన పెట్టింది. కొళాయి కట్టింది.

"అక్కా, నిన్నే. అమ్మవి ఎక్కడ?"

తన అద్దం కింది సొరుగు లాగి, జుట్టు చుట్టే రోలర్ల డబ్బా తీసింది. అడుగున గుడ్డలో చుట్టి ఉన్నాయి. ఇన్నాళ్లూ నా కుర్చీకి చెయ్యి చాపితే అందేంత దూరంలో!

"రోజూ అమ్మకి తల దువ్వింది నేను," అంది అక్క. "ఒళ్లు తుడిచింది నేను, మంచం మీద తిప్పింది నేను. నువ్వు సాయంత్రం వచ్చి జోకులు చెప్పి నవ్వించి వెళ్లేదానివి. ఆఖరికి నీ చేతిలో పెట్టింది. నావైపు చూడనైనా లేదు. నేనేం పాపం చేశానే?"

అందులో అబద్ధం లేదు. అందుకే నాకు మరీ మండింది.

"ఆ మాట అప్పుడే అనొచ్చు కదే! అడిగుంటే నీ చెవులకి నేనే పెట్టేదాన్ని. నాకు గిల్టు పడదని నీకు తెలీదూ? తెలిసీ అచ్చం అలాంటివే గిల్టువి చేయించి పెట్టావు. చెవులు పుళ్లు పడుతుంటే ఎదురుగా నిలబడి 'గోకకే, గోకకే' అన్నావు. ఒక్కసారైనా 'తీసెయ్' అన్నావా? పైగా ఒళ్లో పడుకోబెట్టుకుని నూనె పోశావు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏంటో అనుకున్నాను, ఇదన్నమాట!"

"తీసెయ్యమంటే ఎందుకని అడుగుతావుగా," అంది అక్క. చెప్పేసి తలొంచుకుంది.

గుడ్డ విప్పాను. ఎడమ దిద్దు సీలకి ఎర్రదారం రెండు చుట్లు అలాగే ఉంది. మాసిపోయి, అమ్మ తలనూనె వాసన వేస్తూ.

బంగారం తీసుకుంది, సరే. ఆశ అనుకుంటాను. కానీ ఈ దారం కోసం నేను ఆ బేసిన్ దగ్గర కుళ్లికుళ్లి ఏడుస్తుంటే, దీన్ని ఇక్కడ దాచి, అదే చేత్తో నా వీపు నిమిరింది.

"పెట్టుకోవే, నీవే. నేనే పెడతా, రా," అంది అక్క, చెయ్యి చాపుతూ.

"ముట్టుకోకు. పుండు మానేదాకా ఏదీ పెట్టొద్దంది డాక్టరమ్మ."

నెమ్మదిగా గోటితో దారం కొస పట్టుకుని విప్పాను. తెగకుండా వచ్చింది. వేలికి చుట్టుకున్నాను. దిద్దులు అక్క అరచేతిలో పెట్టాను, అమ్మ నాకు పెట్టినట్టే.

"చిన్నీ, ఇదేంటే? వద్దే!"

నా బ్రష్షులూ రంగు గిన్నెలూ సంచిలో వేసుకున్నాను. చెవి భగభగమంటోంది, చెయ్యి దానంతటదే పైకి లేచింది. దించేశాను. అద్దంలో అక్క ఏడుస్తూ కనబడింది. వెనక్కెళ్లి వీపు నిమరాలనిపించింది కూడా. గుమ్మం దగ్గర ఆగాను, అంతే.

"బంగారం నువ్వే ఉంచుకో అక్కా, సేవ చేసింది నువ్వే. కానీ ఆ ఎడమ సీల వదులు, దారం లేకపోతే నిలవదు. ఎప్పుడు జారిపోతుందో తెలీదు. చెవి మీంచి చెయ్యి తియ్యకుండా తిరుగు, ఇన్నాళ్లూ నేను తిరిగినట్టు."