అక్క అడిగిన ఎనభై డాలర్లు

నాకు లెక్కలు బాగా వచ్చని మా ఇంట్లో ఒక నమ్మకం. దాన్ని పెంచి పోషించింది నేనే.

నేను పుస్తకాలకు పేజీలు పేరుస్తాను. రచయిత పంపిన రాతను అచ్చుకు తగ్గట్టు కొలతల్లోకి తెచ్చి, అంచులూ వరసలూ సరిచూసి పంపడం నా పని. అక్క అదే పుస్తకాల చివర వచ్చే పదసూచిక తయారుచేసేది. ఏ మాట ఏ పేజీలో ఉందో వరసగా చెప్పే ఆ నాలుగైదు పేజీల కోసం పుస్తకమంతా అక్షరం వదలకుండా చదివేది. నేనైతే చదవను. పేజీలు పేర్చేవాళ్లకు రాత కనిపించదు, నల్లటి దిమ్మెలు కనిపిస్తాయి. మా పనిలో ఇది తప్పు కాదు. చదువుతూ కూర్చుంటే గడువు దాటిపోతుంది.

విదేశంలో ఉన్న ఒక చిన్న ప్రచురణ సంస్థ మాకు నెలకు రెండు పుస్తకాలు ఇచ్చేది. బేరమాడింది నేను. మాకు పనీ డబ్బూ చేరవేసే వెబ్‌సైట్‌లో ఖాతా నా పేరు మీదే. పుస్తకానికి వెయ్యి డాలర్లు. ఆ వెయ్యి ఎలా తేల్చానో అక్కకు ఎన్నిసార్లు చెప్పుకున్నానో నాకే గుర్తులేదు.

"చూడక్కా, వెబ్‌సైట్ వాడు నూటికి పది కోస్తాడు. చేతికి తొంభై కావాలంటే ఎంత అడగాలి?"

"తొంభైతొమ్మిది," అంది అక్క మొదటిసారి.

"అక్కడే అందరూ బోల్తా పడేది! తొంభైతొమ్మిదిలో పదో వంతు పోతే మిగిలేది ఎనభైతొమ్మిదీ చిల్లర. వంద అడగాలి. కలపడం కాదు, తొంభై శాతంతో భాగించాలి."

"సరే ఖజానా గారూ," అంది అక్క. అప్పట్నుంచి నా పేరు ఖజానానే.

ఆ ధైర్యంతోనే అక్క చేత కాలేజీ లైబ్రరీలో ఉద్యోగం మాన్పించాను. "నా వెనకాల రా, చేతికొచ్చిన దాంట్లో నూటికి నలభై నీది" అన్నాను. "చేతికొచ్చిన దాంట్లో" అన్న మాట నాదే. అక్క దాన్ని రాసిమ్మనలేదు. అక్కాచెల్లెళ్ల మధ్య కాగితాలేమిటి?

నెలకు రెండు వేలు. వెబ్‌సైట్ రుసుము రెండు వందలు. ప్రచురణ సంస్థ తన దేశపు చట్టం ప్రకారం పట్టుకునే పన్ను ఇంకో రెండు వందలు. మొదట్లో, అక్క నాతో చేరకముందు, నూటికి పదిహేను పట్టేవాళ్లు. నేను ఇక్కడ పన్ను కట్టేదాన్నేనని ధ్రువపత్రం పంపించి దాన్ని పదికి దింపాను. అదీ నా గొప్పల్లో ఒకటి. మిగిలిన పదహారు వందలను ఒకేసారి తీసుకునేదాన్ని. రెండుసార్లు తీస్తే మధ్యలో ఉన్న బ్యాంకు రెండుసార్లు ఇరవై డాలర్లు నొక్కేస్తుంది మరి. ఆ ఇరవై పోయాక, మా బ్యాంకు మారకంలో నూటికి రెండు చొప్పున తన వాటా తీసుకునేది. చివరికి పదిహేను వందల నలభైఎనిమిది దాకా నిలిచేది. అందులో నలభై శాతం, అంటే ఆరు వందల పంతొమ్మిది, అదే రోజు అక్క ఖాతాలో వేసేదాన్ని. ఒక్క పూట ఆలస్యం చేసి ఎరగను.

అక్క మా ఇంట్లోనే వెనక గదిలో ఉండేది. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. పట్టపగలు కూడా దీపం కిందే చదివేది. రెండు వీధుల అవతల ఒక మేడ మీద గది ఖాళీ అయిందని తెలిసి ఓ ఆదివారం వెళ్లి చూసొచ్చింది. రెండు వైపులా కిటికీలు, బల్ల వేసుకునేంత చోటు, అద్దె మా డాలర్ల లెక్కలో నెలకు రెండు వందల నలభై. ఇల్లంతా తిరుగుతూ ఆ కిటికీల గురించే చెప్పింది. యాభై ఏళ్ల మనిషిలో అంత సంబరం నేను ఎన్నడూ చూడలేదు.

రెండు రోజులు ఏవో లెక్కలు వేసుకుని, మూడోరోజు పొద్దున నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"ఒక మాట అడగనా? నా వంతు నెలకి ఇంకో ఎనభై వేయగలవా? గది తీసుకుంటే సరిగ్గా అంతే తగ్గుతోంది."

నాకు అప్పుడు ఒక పుస్తకం గడువు మెడ మీద ఉంది. అయినా అది సాకే. అసలు నాకు కోపం వచ్చింది అడిగినందుకు.

"డాలర్లు చెట్లకి కాస్తున్నాయనుకుంటున్నావా అక్కా? ఎన్ని చోట్ల కోత పడుతోందో తెలుసా నీకు?" అంటూ కాగితం లాగి, పైనుంచి కిందికి కోతలన్నీ రాసి చూపించాను. "ఇదిగో రుసుము. ఇదిగో పన్ను. ఇదిగో బ్యాంకు. ఇందులో నేను దాచుకున్నది ఎక్కడుందో చెప్పు!"

అక్క కాగితం తీసుకుని చూసింది. పన్ను అని రాసిన వరస మీద వేలు పెట్టింది.

"ఇది కూడా నా వంతులోంచేనా?" అంది.

"అందరి వంతులోంచీ. పోయింది పోయినట్టే కదా?"

అక్క నా మొహంలోకి చూసింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా కీబోర్డు పక్కన పెట్టి, "పని చూసుకో" అని వెళ్లిపోయింది. ఆ వారంలోనే గది ఇంకెవరో తీసుకున్నారు. మరో నెలకు వేరే ఊళ్లో లైబ్రరీ ఉద్యోగం దొరికిందని, ఉండటానికి వాళ్లే ఒక గది కూడా ఇస్తున్నారని చెప్పి పెట్టె సర్దుకుంది. పదసూచికల పని ఎందుకు మానేస్తున్నావంటే, కళ్లు అలసిపోతున్నాయంది. నేను నమ్మేశాను. మనకు పనికొచ్చే మాటను నమ్మడానికి ఎంతసేపు?

ఇది జరిగి ఏడు నెలలైంది. మొన్న పన్ను దాఖలు కాగితాల మీద సంతకం పెట్టడానికి ఆడిటర్ గారి దగ్గరికి వెళ్లాను. మెట్ల కింద ఇరుకు గది, రెండు కుర్చీలు, నేల మీద ఫైళ్ల దొంతర. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని అడిగారు.

"మీ అక్కగారికిచ్చే నలభై శాతం దేని మీదమ్మా? వెయ్యి మీదా, మిగిలిన దాని మీదా?"

"అన్ని కోతలూ పోయాక మిగిలిన దాని మీదండీ."

"పన్ను కోత కూడా పోయాకా?"

"అవునండీ. అదీ పోయిన డబ్బే కదా."

ఆయన పెన్ను కింద పెట్టారు. "రుసుము పోయిన డబ్బు. బ్యాంకు చార్జీ పోయిన డబ్బు. ఇది పోలేదమ్మా. అక్కడ పట్టుకున్న పన్ను మీ పేరున కట్టినట్టే. ఏటా వాళ్ల దగ్గర్నుంచి పన్ను పట్టుకున్నట్టు ధ్రువపత్రం తెచ్చి నాకు ఇస్తున్నారుగా? దాన్ని చూపించి, ఇక్కడ మీరు కట్టాల్సిన పన్నులోంచి తగ్గిస్తున్నాను. ఇక్కడి పన్ను మీరు వాయిదాల్లో ముందే కట్టేస్తున్నారు కాబట్టి ఎక్కువైంది మీకు వాపసు వస్తోంది. రెండేళ్లుగా వస్తోంది. చూసుకోలేదూ?"

"మరి అక్కకి?"

"ఆవిడ పేరున ఒక్క డాలరూ కట్టలేదు కదమ్మా, ఆవిడకెలా వస్తుంది? అక్కడ పట్టుకున్న మీ పన్నులో నూటికి నలభై ఆవిడ కట్టినట్టయింది, అంతే."

నెలకు రెండు వందలు. అందులో నలభై శాతం, ఎనభై. అది తేల్చడానికి ఖజానా అక్కర్లేదు.

ఇంటికి వచ్చాను. బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాను. మొదటి ఏడాది వాపసు వచ్చినప్పుడు కొన్న కుర్చీ ఇది, నడుము నొప్పికని. రెండో ఏడాది డబ్బుతో పెద్ద తెర కొన్నాను. "ఎక్కువ కట్టిన పన్ను వాపసు" అని సందేశం వచ్చిన రెండుసార్లూ నేను చదివాను. ఎందుకు వచ్చిందని ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఎక్కడ వెనక్కి ఇవ్వాల్సి వస్తుందోనన్న భయం ఏ మూలో ఉండే ఉంటుంది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను.

అప్పుడే ఇంకో సంగతి తట్టింది. అలమారలో వెతికి ఒక పుస్తకం తీశాను. విదేశీ సంస్థలకు ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కోసం రాసిన పన్నుల పుస్తకం. పేజీలు పేర్చింది నేనే, పదసూచిక అక్కది. ఆ గది చూసి రావడానికి పది రోజుల ముందు ఇద్దరం ముగించి పంపాం. మూడు వందల పేజీలు అంచుల దగ్గర్నుంచి నా చేతి మీదుగా వెళ్లాయి. నేను ఒక్క వాక్యం చదవలేదు.

చివరి పేజీలు తిప్పాను. పన్ను, విదేశంలో కోసినది. దాని కింద, అక్క ఎప్పుడూ పెట్టినట్టే కొంచెం లోపలికి జరిపి, చిన్న చిన్న వరసలు. ఖర్చు కాదు, 211. సొంత పన్నులో తగ్గింపు, 212. భాగస్వామి వంతు లెక్కించేటప్పుడు కలపవలసినది, 214.

214వ పేజీ తీశాను. మా లెక్క అచ్చుగుద్దినట్టు అక్కడ ఉంది, అంకెలు మాత్రమే వేరు.

మధ్యాహ్నం భోజనాల వేళ చూసి అక్కకు ఫోన్ చేశాను. లైబ్రరీలో ఉన్నట్టుంది, గొంతు తగ్గించి మాట్లాడింది. నేను ఆగకుండా చెప్పుకుపోయాను. కలిసి పనిచేసిన మూడేళ్లకు రెండు వేల ఎనిమిది వందల ఎనభై అనీ, ఇవాళే పంపేస్తాననీ, ఆ గది కాకపోతే ఇంకో గది చూద్దామనీ.

"ఇక్కడ స్థిరపడిపోయానే," అంది అక్క. "డబ్బు పంపు. వద్దనను, అది నాదే కదా. గది సంగతి వదిలెయ్."

"ఆ రోజే చెప్పొచ్చుగా అక్కా! పేజీ నంబరుతో సహా తెలుసు నీకు. ఎందుకు చెప్పలేదు?"

వెనకాల ఎవరో పుస్తకాలు బల్ల మీద పెట్టిన చప్పుడు.

"సరిగ్గా ఎనభై అడిగానే. డెబ్భై కాదు, తొంభై కాదు. లెక్కల్లో నిన్ను మించినవాళ్లు లేరని నేను నమ్మాను. తెలిసే కాదంటున్నావనుకున్నా. తెలిసి కాదన్నదాన్ని పట్టుకుని, చెల్లెలివి కదా, ఇంకేం అడగను?"

తెలీదక్కా అందామని నోరు తెరిచాను. ఆ మాట పూర్తిగా నిజం కాదు.

"ఏడవకు," అంది అక్క. ఆ తర్వాత ఎప్పటి గొంతుతోనే, "ఆ కుర్చీతో నీ నడుము నొప్పి ఇప్పుడైనా తగ్గిందా?" అని అడిగింది.

"తగ్గిందక్కా," అన్నాను.