మరీ శుభ్రమైన ఎనిమిది

కార్మికుల వైద్య సహాయ నిధి ఆఫీసులో క్లెయిములు చూసే గుమాస్తాను అందరూ సోడాబుడ్డక్క అంటారు. అద్దాలు అంత మందం. అన్నవాళ్ళ మీద ఆవిడకు కోపం లేదు. కోపమంతా బిల్లులను ఫోటో తీసి, దాన్ని పదిమందికి తిప్పి, చివరికి బూజుపట్టిన రొట్టెలాంటి దాన్ని తన ఫోన్‌కు పంపేవాళ్ళ మీదే.

ఆ రోజు మాత్రం ఆవిడకు తన మీద తనకే కోపం. ఉదయం నుంచీ కాలుకాలిన పిల్లిలా బీరువాకూ కిటికీకీ మధ్య తిరుగుతోంది. మూడింటికి కమిటీ కూర్చుంటుంది. మొదటి ఫైలు లిఫ్టు మెకానిక్‌ది. భార్య కంటి ఆపరేషన్ బిల్లును దిద్ది, ముప్పై ఒక్క వేల ఆరువందల నలభైని ఎనభై ఒక్క వేల ఆరువందల నలభై చేశాడని అతని మీద అభియోగం. ఆసుపత్రికి ఫోన్ చేస్తే వాళ్ళు ముప్పై ఒక్క వేలనే చెప్పారు. నిధి నుంచి పేరు కొట్టేస్తే వచ్చే వారం భార్య రెండో కంటికి ఆపరేషన్ లేనట్టే.

అతను పొద్దున్నే వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. చేతులకు గ్రీజు, కళ్ళలో నిద్రలేమి.

"అక్కా, నేను ఎనభై వేలు ఎప్పుడడిగాను? ఫోటో పంపాను, అంతే. అంకె ఎక్కించింది మీరే కదా!"

"నువ్వు పంపిందేదో చూపించు."

చూపించాడు. మొత్తం అంకె ఉన్న చోట ఒక బూడిదరంగు ముద్ద. అది మూడో ఎనిమిదో ఆ అచ్చేసినవాడికి కూడా తెలియదు. ఫైల్లో ఉన్న ఫోటోలోనేమో ఎనిమిది అచ్చుగుద్దినట్టు, నల్లగా, గుండ్రంగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వారం ఆవిడ ముందు నూటపది బిల్లులున్నాయి. మసకబారిన వాటిని 'స్పష్టం చేసే' యాప్ ఒకటి ఎవరో చెప్పారు. ఈ ఫోటోను అందులో పెట్టింది. అది మంత్రం వేసినట్టు శుభ్రం చేసి ఇచ్చింది. చదివింది, ఎక్కించింది, ఆ శుభ్రమైనదాన్నే ఫైల్లో పెట్టింది, వచ్చినదాన్ని ఫోన్ నిండిపోతోందని తుడిచేసింది. ఆ యాప్‌కు చూపు లేదు, ఊహ మాత్రమే ఉంది. ముద్ద కనిపిస్తే దగ్గరగా ఉండే అంకెను తెచ్చి అందంగా గీస్తుంది. తెలియదని మాత్రం ఛస్తే చెప్పదు. అలాంటివాళ్ళను ఆఫీసులో చాలామందిని చూసింది, వాళ్ళను నమ్మడం ఎప్పుడో మానేసింది. ఈ యాప్‌ను మాత్రం నమ్మేసింది.

పైగా ఆ యాప్ పై వరుసలను సరిగ్గానే తీసింది. గది తొమ్మిది వేలు, ఆపరేషన్ పదిహేడున్నర వేలు, మందులు మూడువేల తొమ్మిదివందల నలభై, పరీక్షలు పన్నెండువందలు. ఇప్పుడు కూడింది. ముప్పై ఒక్క వేల ఆరువందల నలభై. ఆ రోజు రెండు నిమిషాలు కూర్చుని కూడి ఉంటే కొంప మునిగేది కాదు. కమిటీ కూడా ఈ లెక్కే వేసింది. కింది మొత్తాన్ని దిద్ది, పైన దిద్దడం మర్చిపోయిన తెలివితక్కువ దొంగ అని నవ్వుకున్నారట.

"అసలు బిల్లు ఏదీ?"

అతను జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. తెల్లగా మెరుస్తోంది. మెషీన్‌లో వేడికి అచ్చయ్యే రకం, నెల తిరిగేసరికి అక్షరాలన్నీ ఎగిరిపోయాయి.

"మరి ఫోటో ఎవరు తీశారు?"

"మా వదిన. ఇంటి గ్రూపులో పెట్టింది. అందులోంచి నేను స్క్రీన్‌షాట్ తీసి పంపాను."

"గ్రూపులో పెట్టినప్పుడు ఒకసారి నలిగింది. స్క్రీన్‌షాట్‌లో బిల్లు అగ్గిపెట్టంత అయింది. నాకు పంపినప్పుడు మళ్ళీ నలిగింది. ఇంకేం మిగులుతుంది నాయనా! మొదటిది వదిన ఫోన్లో ఉందా?"

వదినకు ఫోన్ కలిపి ఆవిడకిచ్చాడు. అవతల కుక్కరు కూతలు.

"ఉందమ్మా, పిల్లల ఫోటోల మధ్య ఎక్కడో. వెతికి పంపిస్తా."

గంటలు గడిచాయి. ఆవిడ మూడుసార్లు నీళ్ళు తాగింది, నాలుగుసార్లు వదినకు ఫోన్ చేసింది. మెకానిక్ మెట్ల మీద కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చున్నాడు. రెండున్నరకు ఫోన్ మోగింది. ఫోటో వచ్చింది. పెద్దది చేసింది. కాస్త మెరుగే కానీ అంకె చుట్టూ అవే గళ్ళు. మూడు కాలు ఎనిమిది పొట్టలో కలిసిపోయింది.

"వదినా, ఫోటోలా పంపితే మెసేజీల యాప్ మళ్ళీ నలిపేస్తుంది. పక్కన పిన్ను గుర్తు నొక్కు. 'డాక్యుమెంట్' అని ఉంటుంది. అందులోంచి పంపు."

"డాక్యుమెంటా? ఇది ఫోటో కదమ్మా!"

"ఫోటోయే తల్లీ. కానీ కాగితంలా పంపు. నీ ఫోన్లో ఎలా ఉందో అలాగే వస్తుంది."

పావు తక్కువ మూడుకు రావడం మొదలైంది. చుట్టూ తిరిగే గీత సగంలో ఆగింది, మళ్ళీ కదిలింది. ఆవిడ తెరిచింది. పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. కాగితం పీచు కనిపించేంత వరకు చేసింది. మూడు. ఎడమవైపు తెరిచిన నోరుతో, ఏ అనుమానమూ లేని మూడు. మసకదాంట్లో చెరిగిపోయిన కింది అక్షరాల్లో కూడా ముప్పై ఒక్క వేల ఆరువందల నలభై అనే ఉంది.

మెకానిక్ ఏడుపు ఆపుకోలేకపోయాడు. "బతికించావక్కా!"

ఇంకా బతికించలేదని ఆవిడకు తెలుసు.

కమిటీ గదిలో ముగ్గురున్నారు. వాళ్ళలో పెద్దాయన అద్దాలు సర్దుకుని మూడు ఫోటోలనూ పక్కపక్కన పెట్టించాడు. వదిన పంపింది, మెకానిక్ పంపిన మసకది, ఫైల్లో ఉన్న మెరిసేది. మూడింటిలోనూ కాగితం అంచు పట్టుకున్న బొటనవేలు ఒకటే, మధ్యలో మడత ఒకటే. ఫైల్లో ఉన్నదాంట్లో మాత్రం ఆ మడత మొత్తం అంకె దగ్గరకొచ్చేసరికి మాయమై, అక్కడ ఎనిమిది వెలిసింది.

"ఒకే ఫోటో, ఒప్పుకుంటాను," అన్నాడాయన. "అంటే మంచి ఫోటో చేతిలో ఉండి కూడా దాన్ని దిద్ది మనకిచ్చాడన్నమాట. పట్టుబడ్డాక ఇప్పుడు మంచిది తెచ్చాడు. దీంతో తప్పు ఇంకా గట్టిపడింది కదా?"

మెకానిక్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

సోడాబుడ్డక్క ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించే రకం. పొడిగించేది ఈ ముగ్గురే. ఈ కుర్చీలోనే, వచ్చే నెలలో. వచ్చిన ఫోటోను ఎవరూ మార్చకూడదన్న నిబంధన గోడమీద వేలాడుతోంది. దాన్ని టైపు చేసింది కూడా ఆవిడే. ఆవిడకు భయం వేసింది.

"ఆయనకు ఆ ఎనిమిది సంగతే తెలియదండీ," అంది. "అది నాది."

పెద్దాయన తలెత్తాడు.

"నాకొచ్చింది ఈ మసకది. నాకు కనబడలేదు. కనబడలేదని రాసి, మళ్ళీ పంపించమని అడగాల్సింది. అడగలేదు. యాప్‌తో తోమించి, అది గీసిన అంకెను ఈయన పేరు మీద ఎక్కించాను. కూడి కూడా చూడలేదు. ఈయన పేరు కొట్టేసే పనే అయితే, ముందు నాది కొట్టేయండి."

పెద్దాయన మెకానిక్ ఫైలును మూసి, 'అభియోగం లేదు, చెల్లించవచ్చు' అని రాసి సంతకం పెట్టాడు. తర్వాత సొరుగులోంచి కొత్త ఫైలు ఒకటి తీసి, అట్ట మీద ఏం రాయాలో తోచనట్టు కాసేపు పెన్ను పట్టుకుని, చివరికి తల ఎత్తకుండానే అడిగాడు.

"నీ పూర్తి పేరేంటమ్మా?"