గొలుసు పడ్డ బిళ్ళలు

ఆ ఆఫీసులో టీమ్ లీడ్‌కి అందరూ పెట్టిన పేరు ‘పర్లేదు సారు’. కొంప అంటుకుందన్నా ఆయన నోట వచ్చేది ఆ ఒక్క మాటే. ఆయన కింద ఫోన్ ఆటలు పరీక్షించే టెస్టర్‌కి నాలుగేళ్లుగా అది విని విని అసహ్యించుకోవడం కూడా మరపున పడింది. మళ్లీ గుర్తుచేసింది ఆమె అత్తగారు.

అత్తగారు ముప్పై ఏళ్లు బట్టలు కుట్టిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. చెయ్యి తేరుకుంది గానీ, బుర్ర పనిచేస్తోందా అన్న అనుమానం మిగిలిపోయింది. ఫోనులో రంగుల ఆట ఏదైనా ఆడమని డాక్టరు చెబితే, కోడలు మురిసిపోయి తమ కంపెనీ ఆటే పెట్టిచ్చింది. గడుల పలక, దాని నిండా రంగు బిళ్ళలు. పక్కపక్కవి రెండు మార్చి, ఒకే రంగువి మూడు వరసలో పడేలా చెయ్యాలి. పడ్డవి మాయమవుతాయి, పైవి జారతాయి, పైనుంచి కొత్తవి వస్తాయి. అవీ కలిస్తే అవీ పోతాయి.

శుక్రవారం పొద్దున ఆవిడ ఫోను పక్కన పడేసింది.

“మూడ్రోజుల్నించీ ఇదే పలకమ్మా. ఒక్క ఎత్తూ దొరకట్లేదు. ఎత్తు లేకపోతే ఆటే బిళ్ళలన్నీ పేకముక్కల్లా కలిపేస్తుందని నువ్వే చెప్పావుగా. అంటే ఉంది, నాకే కనపడట్లేదు.”

చెప్పింది, అదీ గొప్పగా చెప్పింది.

“మూడు బిళ్ళలు పోల్చుకోలేనిదాన్ని జాకెట్టు గుడ్డేం కత్తిరిస్తాను? మిషను ఎదురింటి పిల్లకి ఇచ్చేస్తా. పాపం, నేర్చుకుంటోంది.”

“తొందరపడకండత్తయ్యా, సాయంత్రం చూస్తాను” అంటూ పలకను ఫొటో తీసుకుని కోడలు బస్సుకి పరిగెత్తింది.

బస్సులో ఫొటో చూస్తే ఒకే ఒక్క ఎత్తు కనిపించింది. ఒక నీలం బిళ్ళను పక్కకి జరిపితే మూడు నీలాలు కలుస్తాయి. కానీ దానికి గొలుసుంది. గొలుసు బిళ్ళ కింద ఖాళీ అయితే జారుతుందే గానీ, వేలితో జరపడం కుదరదు. ఆట దాన్నే ఎత్తనుకుంటోందా అని ఆమెకి అనుమానమొచ్చింది.

ఆఫీసుకి వెళ్లి ప్రోగ్రామర్ చేత కోడ్ తెరిపించింది. అనుకున్నంతా అయింది. ఎత్తులు వెతికే భాగం ప్రతి రెండు పక్క బిళ్ళలనీ లోలోపల మార్చి చూస్తోంది గానీ, గొలుసుందా అని అడగడంలేదు. జరపలేని నీలాన్ని కూడా ఎత్తుగా లెక్కేసి, పలక బాగానే ఉందనుకుని కలపడం మానేస్తోంది.

వెళ్లి చెబితే, “తెలుసమ్మా” అన్నాడు పర్లేదు సారు. “గొలుసు బిళ్ళని మెరిపించి ‘ఇది జరుపు’ అని సూచన ఇస్తోందని పోయినేడు నువ్వే రాశావుగా. ఆ లెవెళ్లలో సూచనే తీసేశాం. ఫిర్యాదులు ఆగాయి.”

“ఇరుక్కున్నవాళ్ల మాటేంటి సార్?”

“తమకే కనపడలేదనుకుంటారు. పర్లేదు.”

ఛీ, పుండు మీద గుడ్డ కప్పి నయమైందనే వైద్యం! ఆ మనిషి మొహం చూడబుద్ధి కాక, పాత ఫిర్యాదు వెతికి తీసింది. దాని అడుగున ఒక వాక్యం ఉంది: ‘సూచన రావడంలేదు. సరిపోయింది. మూసేశాను.’ రాసింది తనే. ఈసారి రోత ఎవరి మీదో చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం భోజనం కూడా మాని ఆమె, ప్రోగ్రామర్ ఇద్దరూ కూర్చున్నారు. మార్చే రెండింట్లో దేనికి గొలుసున్నా అది ఎత్తు కాదని కోడ్‌లో రాశారు. దాంతో ఇంకో గొయ్యి బయటపడింది. గొలుసు లేని విడి బిళ్ళలు మరీ తక్కువైతే, ఎత్తు కుదిరేదాకా కలుపుతూనే ఉండి ఫోను బిగుసుకుపోతోంది. యాభై సార్లకి ఆపమన్నారు. అప్పటికీ కుదరకపోతే గొలుసులు తెంపి, రంగులు మార్చి, ఒక ఎత్తును కోడే పేర్చి పెట్టాలి. కొత్త బిళ్ళలు ఆగకుండా కలిసిపోతుంటే, ఇరవై విడతల తర్వాత కలవని రంగులే వెయ్యాలి. పదివేల పలకలు కంప్యూటర్ చేత ఆడించారు. ఒక్కటీ ఇరుక్కోలేదు, ఒక్కటీ ఆగకుండా తిరగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి అత్తగారి ఫోనులో సరిచేసిన ఆట ఎక్కించింది. తెరవగానే గొలుసు లేని బిళ్ళలన్నీ వాటంతటవే కలిసి కొత్తగా పరుచుకున్నాయి.

“అయితే మూడ్రోజులూ ఎత్తు లేదా?”

“లేదత్తయ్యా. మీకు సరిగ్గానే కనపడింది. తప్పు మాది. పోయినేడు నేనే పట్టుకుని చెబితే, దాన్ని చూపించే సూచన ఒక్కటే తీసేశారు. సరిపోయిందని రాసింది నేనే.”

ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుంది.

“కుట్టు ఊడిందని చెబితే, కుట్టు వెయ్యకుండా లైటు ఆర్పారన్నమాట.”

కిటికీ కింద ఎప్పుడూ మిషను ఉండే చోట, నేల మీద నాలుగు తెల్లటి మచ్చలున్నాయి.

“మధ్యాహ్నం తీసుకెళ్లారు. నూనె వెయ్యడం కూడా చూపించాను.”

“నేను వెళ్లి అడుగుతాను.”

“వద్దు. ఆ పిల్ల మొహం నువ్వు చూడలేదు. ఇచ్చినదాన్ని వెనక్కి అడగను.”

ఆవిడ కుడిచేతి వేలితో ఒక ఆకుపచ్చ బిళ్ళని పక్కకి జరిపింది. మూడూ మాయమయ్యాయి.

“దీన్ని ఎంతమంది ఆడతారన్నావు?”

“లక్షకి పైనేనత్తయ్యా.”

“వాళ్లందరిళ్లల్లో నీలాంటి కోడలుండదుగా, తప్పు తమది కాదని చెప్పడానికి” అంటూ ఆవిడ ఇంకో ఎత్తు వేసింది.