తంగేడు ఫోన్, మూడో సెగ్మెంట్

ఆ ఫోటో పెట్టింది నేనే. నాజియా పెట్టలేదు, సుభాషిణి మేడం పెట్టమనలేదు. తిట్టాల్సి వస్తే నన్నే తిట్టాలి.

ఎంబీఏ మొదటి ఏడాది మార్కెటింగ్ ప్రాజెక్టు. మా మేడం నియమం ఒకటే. కంపెనీ ఉత్తదైనా సరే, ఫోన్ ఉత్తదైనా సరే, కొనేవాళ్లు మాత్రం నిజంగా ఉన్న మనుషులే కావాలి. నేనూ నాజియా ఒక జట్టు. మా చవక ఫోన్‌కు తంగేడు అని పేరు పెట్టి, ధర అయిదు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది అని రాసుకున్నాం. మార్కెట్‌ను మూడు ముక్కలు కోశాం. కాలేజీ పిల్లలు ఒకటి, ఆటోలూ డెలివరీ బండ్లూ నడిపేవాళ్లు రెండోది. మూడోది నా తెలివి: నలభై అయిదు దాటినవాళ్లు, ఆదాయం తక్కువ, చదువు తక్కువ.

వయసూ ఆదాయమూ చూసి కోయడం అన్నిటికంటే తేలిక, రేషన్ కార్డులో చూస్తే తెలిసిపోతుంది. అరవై మందిని అడగమన్నారు. మేం క్యాంటీన్‌లో కూర్చుని సమోసాలు తింటూ అరవై ఫారాలూ మేమే నింపాం. అన్నీ కాకిలెక్కలే.

మూడో సెగ్మెంట్‌కు ఒక ముఖం కావాల్సి వచ్చింది. నా ఫోన్‌లో మా అమ్మ లక్ష్మీనర్సమ్మ మగ్గం ముందు కూర్చున్న ఫోటో ఉంది. అది పెట్టి, కింద ఇంగ్లీషులో ఆమె అన్నట్టుగా ఒక మాట రాశాను: "నాకేమీ తెలియదు, మా అబ్బాయి ఏది కొనిస్తే అదే వాడతాను." చూడ్డానికి భలే కుదిరిందనిపించింది. సిగ్గులేనితనం కూడా అలాగే కుదురుతుంది కాబోలు.

మొదటి రివ్యూలో మేడం మా స్లయిడ్లన్నీ చూసి నవ్వారు.

"భానుచందర్, ఈమెకు చదువు తక్కువ, నెట్ వాడుడు రాదు అని రాసినవ్. అమ్మేదేమో ఆన్‌లైన్‌లనే. యాడ్ ఇన్‌స్టాగ్రామ్‌ల. ఫోన్, ధర, అమ్మే జాగ, చెప్పే తీరు, నాలుగు కలిసి ఒక్క మనిషి దగ్గరికి పోవాలె. మీవి నాలుగు నాలుగు దిక్కులకు పోతున్నయి. ఇంతకు ఈమె ఎవరు?"

మా అమ్మ అని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. కానీ క్లాసులో చేరిన మొదటి వారమే మాది కార్పెట్ బిజినెస్ అని కోతలు కోసి ఉన్నాను. మాది కొత్తవాడలో ఒక మగ్గం, దాని మీద అమ్మ నేసే జంపఖానాలు, అంతే. "మా వాడకట్టు ఆమె, మేడం" అన్నాను.

"మంచిది. శుక్రవారం పట్కరా. ఆమె కూసుంటేనే మీకు మార్కులు."

ఫోటోలో ఉన్న మనిషికి బదులు ఇంకొకరిని తేలేను కదా. ఇంట్లో చెప్పాను. క్లాసుకు రావాలని చెప్పి, నన్ను కొడుకని అనొద్దని కూడా చెప్పాను. అమ్మ నూలు చుడుతున్న చేతిని ఆపింది.

"మరేమనాలెరా?"

"సార్ అను."

"గట్లనేనా. సరే" అని మళ్లీ చుట్టడం మొదలుపెట్టింది. ఎందుకని ఒక్క ప్రశ్న వేయలేదు. వేసి ఉంటే అక్కడే ఆగిపోయేవాణ్నేమో.

శుక్రవారం ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. మేడం కుర్చీ వేసి, ఫోన్‌తో ఏం చేస్తారని అడిగారు. అమ్మ తన ఫోన్ తీసి చూపించింది.

"జంపఖానాలు నేస్త మేడం. నేసింది ఫోటో తీసి హైదరాబాద్ సేటుకు వాట్సాప్‌ల పంపుత. ఆయన రంగు చూసి ఆర్డర్ పెడ్తడు. మొన్న ఎర్రదాని ఫోటో పంపితే ఆయనకు నారింజ లెక్క కనవడ్డదట. సరుకు చేరినంక రంగు వేరని పది వాపస్ పంపిండు. కెమెరల రంగు ఉన్నది ఉన్నట్టు రావాలె."

ధర తగ్గించడానికి మేం మొట్టమొదట కోసింది కెమెరానే. నాజియా నా వైపు చూసింది, నేను బల్ల వైపు చూశాను.

"రెండు వేలు ఎక్కువైతే కొంటరా అమ్మా?" అని మేడం అడిగారు.

"రంగు సక్కగ వస్తదంటే కొంట. అగ్గువది కొని పది జంపఖానాలు వాపసొస్తే ఏం లాభం?"

"ఆన్‌లైన్‌ల కొంటరా?"

"కొన. కాశిబుగ్గ దుకాణంల చేత వట్టి, నాలుగు ఫోటోలు దిగి చూసుకుంట. ఖరాబైతే ఆన్నే బాగుచేయాలె. ఫోన్ పది రోజులు లేకపోతే ఆర్డర్లు బందైతయి."

"ఏ ఫోన్ కొనాల్నో ఎవరు చెప్తరు?"

"మా గల్లీల సమ్మమ్మ. ముందుగాల ఆమె కొంటది. ఆమెది మంచిగుంటే గల్లీ అంత గదే కొంటది."

మేడం బోర్డు దగ్గరికి వెళ్లి మా మూడో సెగ్మెంట్ పేరు కొట్టేశారు. దాని పక్కన "ఫోన్‌లో సరుకు చూపించి అమ్మేవాళ్లు" అని రాశారు.

"వయసు, చదువు చూసి గీత గీసిండ్రు. ఫోన్ తోటి ఏం పని చేస్తున్నరు, దాంట్ల ఏం లాభం కోరుతున్నరు, అది చూడలే. ఇప్పుడు చూడుండ్రి, ఇరవై రెండేండ్ల టైలర్ పిల్ల, ఈ అమ్మ ఒకే సెగ్మెంట్‌లకు వస్తరు. కెమెరా, ధర, కాశిబుగ్గ దుకాణం, సమ్మమ్మ మాట, నాలుగు ఒక్క దిక్కుకే పోతయి. అయితే ఒక్కామె మాట విని సెగ్మెంట్ అనద్దు. ఇసొంటోళ్లు ఎంత మంది ఉన్నరు, మనకు అందుతరా, మనకు గిట్టుబాటు అయితదా, అది తిరిగి లెక్క తీయాలె."

అక్కడితో వదిలేస్తే బతికిపోయేవాణ్ని. నాజియా స్లయిడ్ మార్చబోయి వెనక్కి జరిపింది. గోడ నిండా అమ్మ ముఖం పడింది.

అమ్మ చాలాసేపు చూసింది. "నా ఫోటో కింద ఇంగ్లీషుల ఏందో రాసిండ్రు. జర సదివి చెప్పుండ్రి సార్" అంది.

ఆ సార్ నేనే. అబద్ధం చెప్పొచ్చు, ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ క్లాసులో అందరికీ వచ్చు. ఉన్నదున్నట్టు చదివాను. "నాకేం తెల్వదు. మా కొడుకు ఏది కొనిస్తే అదే వాడ్త."

"ఈ మాట నేను అనలే సార్."

"మరి ఎవరన్నరు?" అని మేడం నన్ను అడిగారు.

"నేనే రాసిన మేడం. అరవై ఫారాలు గూడ నేనే నింపిన." నాజియా "ఇద్దరం నింపినం" అంది. "ఈమె మా అమ్మ" అన్నాను.

ఎవరో వెనక బెంచీలో "కార్పెట్ బిజినెస్" అన్నారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడు అమ్మ లేచి నిలబడింది.

"నేనే చెప్పద్దన్న మేడం. తల్లి అంటే మార్కులు కట్ చేస్తరేమోనని. పిలగానిది తప్పులేదు."

నేను నేర్పని అబద్ధం అది. నా కోసం అప్పటికప్పుడు అల్లింది. మేడం ఆమెకు నమస్కారం పెట్టి, మా ఇద్దరికీ మాత్రం సున్నా వేసి, సోమవారం నుంచి నిజమైన అరవై మంది దగ్గరికి వెళ్లమన్నారు.

గేటు బయట ఆటో కోసం నిలబడ్డాం. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ తంగేడు ఫోన్ దుకాణాలకు ఎప్పుడొస్తది?"

"రాదమ్మా. అది ఉత్తదే. చదువు కోసం అనుకున్నది."

ఆటో వచ్చి ఆగింది. అమ్మ ఎక్కలేదు.

"ఫోన్ ఉత్తదైనప్పుడు మనిషిని గూడ ఉత్త మనిషినే పెట్టకపోతివి. నన్నెందుకు పెట్టినవ్ బిడ్డా?"