రెండు వేళ్ళ ఎత్తు

గిద్దలూరు స్టేషనుకు అవతల ఆడపిల్లల ట్రైనింగు స్కూలు ఒకటి ఉండేది. పంతులమ్మలను తయారుచేసే బడి అది. పేరుకు స్కూలే అయినా ఊరంతా కాలేజీ అనేది. అందులో చదివే పిల్లలైతే ఇంకా గట్టిగా అనేవాళ్ళు.

ఆ రోజు చదువు ముగించుకొని పోయే పిల్లలకు వీడ్కోలు సభ. పొద్దున్నుంచీ హాస్టలు గదిలో ఒకటే గోల. ఒకతె అద్దం ఎక్కడని అరిస్తే ఇంకొకతె దువ్వెన ఎక్కడని అరుస్తుంది. అద్దం దొరికినామె ఇవ్వదు. మధ్యలో ఎవరో నవ్వుతారు. ఎందుకని అడగకుండానే గదంతా నవ్వుతుంది.

శ్రీశైలమ్మ మాత్రం అప్పటికి నాలుగోసారి కోలలు లెక్కపెట్టింది. సంతోషమో భయమో ఆమెకే తెలియదు.

ఏటా ఈ సభలో ఒక ప్రార్థన, ఒక ఉపన్యాసం, ఆపైన టీ, బూందీ. అంతే. ఈసారి కోలాటం పెట్టాలని శ్రీశైలమ్మ పట్టుబట్టింది. ఆమెది పెద్దదోర్నాల దగ్గర గొర్రెలు కాసుకొనే ఇల్లు. మందలు కొండ దిగి ఇంటికి చేరిన రోజుల్లో వాళ్ళ ఆడవాళ్ళు కోలలు పట్టుకుంటే దుమ్ము లేవాల్సిందే. ఆ కోపులన్నీ, అంటే ఆట వరసలన్నీ, ఆమె తన జతగత్తెలు ఏడుగురికీ నేర్పింది. హాస్టలు పెద్ద పుష్పమ్మ టీచరు చుట్టూ తిరిగి తిరిగి ఒప్పించింది.

పుష్పమ్మ టీచరు ఒప్పుకుంది కానీ ఊరికే ఒప్పుకోలేదు.

"రేపటినుంచి మీరు పంతులమ్మలు. పావడా ఓణీల్లో ఎగరడానికి వీల్లేదు. చీరలు కట్టాల. అందరి ముందర ఒక్కదాని కుచ్చిళ్ళు జారినా అక్కడికక్కడే ఆట ఆపేస్తా. ఆపడమే కాదు, మీ వెనక వచ్చే పిల్లలకు గూడా కోలలు ముట్టనియ్యను. ఆలోచించుకో శ్రీశైలం."

ఆలోచించేది ఏముంది? రేపు రైలెక్కితే ఒకతె కురిచేడుకు, ఒకతె ముండ్లమూరు వైపుకు, ఒకతె కంభానికి. ఎనిమిది మందీ మళ్ళీ ఒకచోట నిలిచి ఆడేది ఎక్కడ? ఆడితే ఈరోజే ఆడాలి.

చిక్కేమిటంటే, ఎనిమిది మందిలో ఒక్కతె కూడా ఇంతవరకు చీర కట్టినది కాదు. శ్రీశైలమ్మ తల్లి కట్టేది గోచీ కట్టు. ఆమె కొండలెక్కినా ఆ చీర జారదు. అయితే దానికి ఎనిమిది గజాలు కావాలి. వీళ్ళ చేతుల్లో ఉన్నవి ఆరు గజాలవి. పైగా టీచరు అడిగింది కుచ్చిళ్ళు ముందుకు పడే కొత్త కట్టు.

టీచరు కట్టే పద్ధతిని మాత్రం దాచకుండా చెప్పింది. ముందు చెప్పులు తొడుక్కోవాలి. చీర అంచు నేలకు ఎంత ఎత్తున ఉండాలో చెప్పులతోనే తేలుతుంది కదా. తర్వాత లోపావడా. జారుడు బట్టది వద్దు, ముతక నూలుది, చీర కంటే నాలుగు వేళ్ళు పొట్టిగా ఉండేది. బొందు నడుముకు గట్టిగానే ముడెయ్యాలి కానీ ఊపిరి ఆడాలి.

"నాకు ఊపిరి ఆడలేదే అక్కా!" అంది వెంకటసుబ్బులమ్మ. శ్రీశైలమ్మకు ప్రాణమిత్రురాలు ఆమె. నోరు మూతపడని మనిషి.

"ఆడకపోతే మాటలెట్ల వస్తాండాయి నీకు?" అంది శ్రీశైలమ్మ. "బొందు కింద వేలు పెట్టి చూడు. దూరితే సరి. దూరకుంటే ఇప్పుకొని మళ్ళీ కట్టు."

వేలు దూరలేదు. వెంకటసుబ్బులమ్మ విప్పుకొని మళ్ళీ కట్టుకొని, "అమ్మయ్య, భూమ్మీదికి వచ్చినా" అంది.

చీర కొసను కుడిపక్కన దోపి, వెనకనుంచి ఒక చుట్టు చుట్టి ముందుకు తెచ్చుకున్నారు. చుట్టేటప్పుడే అంచు సమంగా ఉందో లేదో ఒకరికొకరు వంగి చూసుకున్నారు. ముందుగా పైటకొంగు ఎడమ భుజంమీద వేసుకొని, మిగిలిన బట్టను బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య మడతలు పెట్టి కుచ్చిళ్ళు తీశారు. ఆ కుచ్చిళ్ళను బొడ్డుకు కాస్త ఎడమగా దోపుకున్నారు.

యుద్ధం రోజులు. పిన్నీసులు దొరకడమే గగనం. మనిషికి రెండే వచ్చాయి. ఒకటి కుచ్చిళ్ళను లోపలివైపు పావడాకు పట్టించడానికి, ఒకటి పైటను రవికకు పట్టించడానికి.

"చెయ్యి పైకెత్తి పెట్టుకోండే పైట పిన్నీసు!" అని శ్రీశైలమ్మ కేక పెట్టింది. "చెయ్యి దించుకొని పెట్టుకుంటే, కోల ఎత్తినప్పుడు రవిక చినిగి నా చేతికొస్తాది."

అందరూ చేతులెత్తి నిలబడ్డారు. కిటికీలోంచి చూసిన వంటమనిషి ఆదెమ్మ, "ఎవురు తల్లీ మిమ్మల్ని దోచుకుంటాండేది?" అని అడిగింది. మళ్ళీ నవ్వులు.

ఆ తర్వాత పరీక్ష. కూర్చున్నారు, లేచారు, వంగారు, గిర్రున తిరిగారు. మాలకొండమ్మ అనే పొడుగాటి పిల్ల ట్రంకుపెట్టె ఎక్కి దూకింది కూడా. ఏదీ జారలేదు. చీరలు ఒకసారి ఉతికినవి కాబట్టి బిర్రబిగుసుకోకుండా మాట విన్నాయి. పుష్పమ్మ టీచరు వచ్చి ఒక్కొక్కరి చుట్టూ తిరిగి, "ఊఁ" అని వెళ్ళింది. ఆమె నోట ఊఁ వచ్చిందంటే మెడల్ వేసినట్లే.

సభకు ముందు హాలు బయట ఫోటో తీశారు. తీసినవాడు నల్లగుడ్డలో తల దూర్చి కదలొద్దన్నాడు. వీళ్ళు కదలలేదు. నవ్వు మాత్రం కదిలింది. ఫోటో అయింది. హాల్లో చాపలు పరచి ఉన్నాయి. అలవాటుగా అందరూ చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి అడుగుపెట్టారు.

రెండో అడుగులోనే మాలకొండమ్మ తన చీర అంచును తానే తొక్కింది. ముందుకు తూలి శ్రీశైలమ్మ వీపుమీద పడింది. టీచరు అప్పుడు కుర్చీలు సర్దిస్తూ అటు తిరిగి ఉంది కాబట్టి సరిపోయింది. లేచి చూసుకుంటే కుచ్చిళ్ళలో సగం బయటికొచ్చి ముందర గంపంత ఉబ్బి ఉన్నాయి.

శ్రీశైలమ్మ తలదించి చూసింది. తన అంచు నేలమీదే ఉంది. వెంకటసుబ్బులమ్మది నేలమీదే. అందరివీ నేలమీదే. చాపను ఊడుస్తున్నట్లు ఉన్నాయి.

అప్పుడు ఆమెకు తట్టింది. ఊళ్ళో కుట్టించిన తోలుచెప్పులు అవి. మడమ కింద రెండు వేళ్ళ మందం. చీరలు కట్టింది ఆ ఎత్తుకు. కోలాటం ఆడేది ఉత్త కాళ్ళతో!

ఎగిరేటప్పుడు ఒక్క అంచు తొక్కితే చాలు, కుచ్చిళ్ళు ఊడిరావడం, టీచరు చెయ్యెత్తడం, ఆట ముగియడం.

"రాండే!" అంటూ అందర్నీ పక్కగుమ్మంలోంచి హాలు వెనక వసారాలోకి లాగింది. లోపల బడి కరస్పాండెంటు కరుణాకరం గారు ఉపన్యాసానికి లేచాడు. ఆయన తర్వాత కోలాటమే.

"చెప్పులేసుకొని ఆడదాం" అంది ఒకతె.

"చాపలమీదనా? టీచరు ఆ చెప్పులతోనే కొడతాది."

"ఒక చేత్తో చీర ఎత్తి పట్టుకుందాం."

"అయితే రెండో కోల నోట్లో పెట్టుకో."

"మొత్తం ఇప్పి మళ్ళీ కట్టుకుందామా?" అంది మాలకొండమ్మ ఏడుపు గొంతుతో.

"పొద్దున్నుంచి కట్టినాము. మళ్ళీ కడితే రేపటి రైలుకు ముగిస్తాది" అంది వెంకటసుబ్బులమ్మ.

శ్రీశైలమ్మకు నవ్వొచ్చింది. నడుముమీద చెయ్యి పెట్టుకొని నిలబడింది. కట్టు బాగానే ఉంది, బొందు బాగానే ఉంది. ఎక్కువైంది రెండు వేళ్ళే. ఆ రెండు వేళ్ళ బట్టను నడుము దగ్గర లోపలికి మింగిస్తే?

తన కుచ్చిళ్ళ పిన్నీసు తీసింది. మడతలు చెదరకుండా గుప్పిట పట్టుకొని, రెండు వేళ్ళు పైకి లాగి, ఆ మేరకు బొందు లోపలికి ఇంకా లోతుగా దోపింది. పిన్నీసును మునుపటికంటే కిందగా, పావడాకు గుచ్చింది. ఆపైన కుడిపక్కనుంచి వెనకగా నడుము చుట్టూ చీరను అంతే లోతు దోపుకుంటూ వచ్చింది. అంచు లేచి చీలమండ దగ్గర నిలిచింది. పావడా ముందే పొట్టి కాబట్టి బయటికి కనిపించలేదు.

గెంతింది. ఇంకోసారి గెంతింది. గొంతుక్కూర్చొని లేచింది. కదల్లేదు!

"ఒకరిది ఒకరు చెయ్యండి! జత జతగా! నువ్వు ముందర పట్టుకో, అది వెనక దోపుతాది!"

ఇక చూడాలి ఆ వసారా. ఒకతె వంగితే ఒకతె లాగింది. "చక్కిలిగిలే!" అని ఒకతె గింజుకుంటే, "నీ చక్కిలిగిలి తగలెయ్య, కదలొద్దు" అని ఇంకొకతె అదిమింది. మాలకొండమ్మ ఊడిన కుచ్చిళ్ళను శ్రీశైలమ్మే విడదీసి, మళ్ళీ మడతలు తీయడం మొదలుపెట్టింది. వెంకటసుబ్బులమ్మ పక్కగుమ్మం దగ్గర నిలబడి లోపలి కబుర్లు అందించింది.

"ఇంకా విద్యలోనే ఉండాడు."

"ఉండనీ, ఉండనీ."

"ఇప్పుడు ఆరోగ్యంలోకి దిగినాడు."

"నూరేళ్ళు బతకాల మారాజు!"

"అమ్మో, ముగిస్తా అంటాండాడు!"

శ్రీశైలమ్మ చేతిలో మడతలు రెండు జారిపోయాయి.

"ముగిస్తానని... ఒక చిన్న కథ చెప్తాడంట!"

వసారాలో ఎనిమిది మందీ దేవుడికి దండం పెట్టారు. ఏటా ఆయన ఉపన్యాసం ఎప్పుడు ఆగుతుందా అని కాళ్ళు మార్చుకుంటూ కూర్చున్న పిల్లలే వీళ్ళంతా. ఆ చిన్న కథ రెండు కథలైంది. ఆలోపు మాలకొండమ్మ కుచ్చిళ్ళు దోపడమూ, పిన్నీసు పడడమూ, నడుము చుట్టూ సర్దడమూ అయింది. వెంకటసుబ్బులమ్మను అందరూ కలిసి నిలబెట్టి ఆమెకూ దోపారు. చప్పట్లు వినిపించాయి.

కోలలు పట్టుకొని లోపలికి పోయారు. ముందరి చాపలు పక్కకు జరిపారు. శ్రీశైలమ్మ పాట ఎత్తుకుంది. మొదటి కోపు మెల్లగా సాగింది. ఆమె చూపు జతగత్తె ముఖంమీద లేదు, పాదాలమీద ఉంది. రెండో కోపులో అడుగు పెరిగింది. అంచులు చీలమండల దగ్గర ఎగిసి పడుతున్నాయి, కాళ్ళకింద పడడం లేదు. మూడో కోపులో గొంతుక్కూర్చొని లేవాలి. కూర్చున్నారు. లేచారు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి!

ఆ తర్వాత శ్రీశైలమ్మ పాదాలు చూడడం మరిచిపోయింది. కోలలు టకటకమంటుంటే వెనక కూర్చున్న చిన్న క్లాసు పిల్లలు చాపలు చరిచారు. కరుణాకరం గారు కుర్చీ అంచుకు వచ్చాడు. ఆట ముగిసేసరికి ఎనిమిది మందికీ రొప్పు. హాలంతా "ఇంకోసారి! ఇంకోసారి!" అని కేకలు.

పుష్పమ్మ టీచరు లేచింది. కేకలు ఆగిపోయాయి. ఆమె నేరుగా శ్రీశైలమ్మ దగ్గరికి వచ్చి, వంగి చీలమండ దగ్గర అంచు చూసింది. గుమ్మం దగ్గరున్న చెప్పుల వైపు చూసింది. మళ్ళీ అంచు చూసింది.

"ఎవురు చెప్పినారే ఇట్ల దోపమని?"

"ఎవురూ చెప్పలేదు టీచరమ్మా. మీరు చెప్పిన కట్టే అది. చెప్పుల ఎత్తు తీసేసినాము, అంతే."

టీచరు రెండు వేళ్ళతో కుచ్చిళ్ళ అంచు పట్టుకొని ఒక్క గుంజు గుంజింది. కుచ్చిళ్ళు రాలేదు. మనిషే ఒక అడుగు ముందుకు వచ్చింది.

టీచరు ముఖంలో ఏదో కదిలింది. అది నవ్వేనని వెంకటసుబ్బులమ్మ తర్వాత ఒట్టు పెట్టి చెప్పింది. టీచరు వెనక్కు తిరిగి, చాపలమీద కూర్చున్న చిన్న పిల్లలను చూసింది.

"ఏయ్, ముందుకు జరిగి కూర్చోండి. వచ్చే ఏడు ఆడేది మీరే. అడుగులు సరిగ్గా చూసుకోండి" అని, శ్రీశైలమ్మతో, "కానియ్యి. ఈసారి జోరుగా" అంది.

శ్రీశైలమ్మ పాట ఎంత జోరుగా ఎత్తుకుందంటే, మొదటి మాటకు గొంతు కీచుమంది. నవ్వుతూనే కోల ఎత్తింది.