నగేషన్న నవ్వు ఆగిన చోట

విజయమ్మకు భయపడటానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. కూతురు శ్రీలేఖ మేడ్చల్‌లో వీడియో మిక్సింగ్ దుకాణం పెట్టినప్పటి నుంచి ఆమె రోజూ అన్నం డబ్బాతో వచ్చి, కరెంటు వైర్లను చూసి కొంత, దుకాణం ముందు ఆగిన బండిని చూసి కొంత భయపడి ఇంటికి వెళుతుంది. ఇవాళ మాత్రం ఆ భయానికి తగిన మనిషే దొరికాడు.

తూంకుంటలో నాయకుడిగా తిరిగే నగేష్‌కు పదవి లేదు. పుట్టినరోజు మాత్రం పదవి ఉన్నవాళ్ల కంటే ఘనంగా చేసుకుంటాడు. సాయంత్రం శామీర్‌పేట ఫంక్షన్ హాల్లో, అతను చేసిన సేవల వీడియోను శ్రీలేఖ తయారుచేసి పెద్ద తెర మీద వేయాలి. అన్నకు నచ్చకపోతే ఈ చుట్టుపక్కల చెల్లెకు ఇంకెవరూ పని ఇవ్వరని అతని మనుషులు నవ్వుతూనే చెప్పి వెళ్లారు.

వీడియో అంతా కుదిరింది, చివరి ముక్క తప్ప. అందులో నగేష్ సుక్కమ్మ అనే ముసలావిడకు దుప్పటి ఇస్తుంటాడు. తన మీద రాయించుకున్న పాట ఇంకా మోగుతుండగానే బొమ్మ అయిపోయి తెర నల్లబడుతోంది. మూడు నాలుగు సెకన్ల తేడా, అంతే.

"పాట కోసెయ్ బిడ్డా," అంది విజయమ్మ.

"ఆఖర్ల ఆయన పేరే ఉన్నదమ్మా. అది కోస్తే మనల్ని కోస్తరు."

"మరి బొమ్మను మెల్లగ నడిపియ్యి."

శ్రీలేఖ నడిపించి చూపింది. నగేష్ సెల్లు అయిపోతున్న ఆటబొమ్మలా కుదుపులు కుదుపులుగా కదిలాడు.

"అదే ముక్క రెండుసార్లు ఎయ్యి."

"ఒక్క దుప్పటి రెండుసార్లు ఇచ్చినట్టుంటది. ఇప్పటికే ఫొటోల కోసం ఇచ్చిండని నవ్వుతున్నరు."

ఇక మిగిలింది ఒకటే దారి. చివరి ఫ్రేమ్‌ను అక్కడే ఆపి, కదలని ఫొటోలా పాట ముగిసేదాకా నిలపాలి. తీరా ఆపితే, ఆ ఫ్రేమ్‌లో నగేష్ కళ్లు మూసుకుని ఉన్నాడు.

విజయమ్మ తెర దగ్గరికి వంగి చూసింది. "అమ్మో, పీనుగ లెక్క ఉన్నడు. పుట్టినరోజు నాడు గిది చూస్తే దుకాణం ఉంటదా?"

శ్రీలేఖ ఒక్కో ఫ్రేమే వెనక్కి జరిపింది. తల్లీకూతుళ్లిద్దరూ నగేష్ మొహాన్నే చూస్తున్నారు. కళ్లు సగం తెరిచాడు, ఇంకా తెరిచాడు, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

"అగో, గక్కడ ఆపు."

శ్రీలేఖ అక్కడ కత్తిరించి, ఆ తర్వాతి ఫ్రేములు తీసేసి, ఆగిన బొమ్మను పాట చివరిదాకా సాగదీసింది. తీసేసినవాటి జాగా కూడా అదే నింపాలి కాబట్టి బొమ్మ ఇంకాస్త ఎక్కువసేపు నిలబడింది. విజయమ్మకు కొత్త భయం పట్టుకుంది.

"కంప్యూటర్ సచ్చిపోయిందనుకోరా బిడ్డా? కొంచెం కదిలేటట్టు చెయ్యి."

శ్రీలేఖ ఆ బొమ్మ మెల్లగా పెద్దదవుతూ దగ్గరికి వచ్చేలా చేసింది. ఎటువైపు పెద్దదవాలో చెప్పకపోతే అది నడిమధ్యకే పోతుంది. చెప్పడం ఆమె మరిచిపోయింది.

నడిమధ్యన ఏముందో సాయంత్రం శామీర్‌పేట హాల్లో తెలిసింది. కదిలే బొమ్మలో రెప్పపాటులో దాటిపోయినది ఆగిన బొమ్మలో గోడంత అయింది. నగేష్ కెమెరాకేసి నవ్వుతూ దుప్పటిని రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. అవతల సుక్కమ్మ పళ్లు బిగబట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి, ఆ దుప్పటినే గుంజుతోంది. పాట అతన్ని దానకర్ణుడని పొగుడుతుంటే, బొమ్మ మెల్లగా ఆ నాలుగు చేతుల దగ్గరికి పోయింది.

"అన్నా, ఇగ ఇడువు, పాపం ముసలిది," అన్నారెవరో వెనక నుంచి. హాలంతా ఈలలు, చప్పట్లు, నవ్వులు. సుక్కమ్మ కూడా అక్కడే బిర్యానీ తింటూ, "నేనైతే ఇడువలే," అంది పక్కావిడతో.

విజయమ్మ కూతురి చెయ్యి పట్టుకుని తలుపు ఎటుందో చూసుకుంది. అప్పటికే నగేష్ వేదిక దిగి నేరుగా వాళ్ల వైపే వస్తున్నాడు.

"చెల్లె, మస్తు చేసినవ్," అన్నాడు నగేష్. అతను తెర మీద తన పళ్లు తప్ప ఏమీ చూడలేదు. "ఆఖరి బొమ్మకు జనం ఊగిపోయిండ్రు. గదే బొమ్మతోని ఫ్లెక్సీ కొట్టియ్యాలె. మేడ్చల్ నుంచి తూంకుంట దాకా. ఇగ నుంచి నా పనులన్నీ నీకే."

"మొహం ఒక్కటే పెద్దగ పెడుదమన్నా," అంది శ్రీలేఖ మెల్లగా.

"వద్దు వద్దు, దుప్పటి కనబడాలె. సేవ గద."

అతను వెళ్లాక విజయమ్మ కుర్చీలో కూలబడింది. దుకాణం నిలిచింది. కానీ తెర మీది బొమ్మ పాటతో పాటే పోయింది. ఫ్లెక్సీ అయితే గాలికి చిరిగేదాకా రోడ్డు మీదే ఉంటుంది.

"బిడ్డా," అంది, "కింద మన దుకాణం పేరు మాత్రం ఎయ్యకు."